పుర్రచెయ్యి పైన

హాకీ అంటే నాకు ప్రాణం. హాకీ ఆడే పిల్లల ఇళ్లవాళ్లంటే కంపరం. ఈ భిలాయిలో ఏళ్ల తరబడి పీటీ టీచరుగా పనిచేస్తున్నాను కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది. మైదానమంతా ఎర్రమొరం. బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియదు. సాయంత్రం ప్రాక్టీసయ్యాక ముక్కు చీదితే ఉక్కు ప్లాంటు బూడిదంతా రుమాల్లోకి వస్తుంది. దానికి నాకు రోత లేదు. రోతంతా మనుషులతోనే.

ఇంద్రజ మా మైదానానికి వచ్చింది తొంభై నాలుగు చలికాలంలో. ఎనిమిదో తరగతి. తండ్రి పరబ్రహ్మం గారు ప్లాంటులో ఇంజనీరు, ఆఫీసర్ల క్వార్టర్లలో ఉంటారు. మా లెఫ్ట్ వింగ్ ఆడే పిల్లని తండ్రికి బదిలీ అయి వైజాగ్ తీసుకుపోయారు. రిసాలిలో జిల్లా టీమ్ సెలెక్షన్లు దగ్గర పడుతున్నాయి. ఎవరైనా వస్తారా అని క్లాసు క్లాసు తిరిగి అడిగితే చెయ్యి ఎత్తింది ఈ పిల్లొక్కతే. కుడిచెయ్యి ఎత్తింది. అది అప్పుడు నేను పట్టించుకోలేదు.

కొత్త పిల్లలకి నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే పాఠం. హాకీ కర్రకి రెండు వైపులు. ఒకటి చదును, ఒకటి గుండ్రం. బంతి చదునువైపే తగలాలి. గుండ్రటి వీపు తగిలిందా, విజిల్ పడుతుంది, బంతి అవతలి వాళ్లకి పోతుంది. కర్రని చదునుముఖం నేలకి ఆనేలా పడుకోబెట్టు. ఎడంచేత్తో చిట్టచివర పట్టుకుని పైకి లేపు. ఆ ఎడంచెయ్యి ఇక అక్కడినుంచి కదలదు. కుడిచెయ్యి కింద, పట్టు టేపు అయిపోయే చోట. రెండు చేతులూ క్రికెట్ బ్యాటు పట్టుకున్నట్టు అతుక్కోకూడదు, మధ్యలో ఖాళీ ఉండాలి. కర్రని తిప్పేది ఎడమ మణికట్టు. కుడిచెయ్యి వట్టి గొట్టం, కర్ర దాంట్లో వదులుగా తిరగాలంతే.

"కుడివైపు నుంచి ఎడమకి బంతిని మామూలుగా తొయ్యి. ఇప్పుడు బంతి మీదుగా కర్ర దాటించి, ఎడమ మణికట్టు మెలితిప్పు. కర్ర ముక్కు కిందికి దిగి నీ బూట్లవైపు చూడాలి. అప్పుడు చదునుముఖం బంతికి అవతలివైపు వస్తుంది. దాంతో కుడివైపుకి లాగు. ఇదే రివర్స్. తొయ్యి, తిప్పు, లాగు. మోకాళ్లు వంచు, తల ఎత్తు. అంతే."

అంతేనా? మిగతా పిల్లలకి అంతే. ఇంద్రజకి ఏడుపొక్కటే తక్కువ. ఎడమకి తోసేది బాగానే. లాగేటప్పుడు మాత్రం కర్ర తిరగదు. గుండ్రటి వీపే బంతికి తగులుతుంది. నేను విజిల్ ఊదడం, ఆమె తల వంచుకోవడం. మళ్లీ ఊదడం, మళ్లీ వంచుకోవడం. నా దవడలు నొప్పెట్టాయి.

"ఏటే నీ బాధ? కుడిచెయ్యి అలా బిగించేస్తే కర్రెలా తిరుగుతుంది?" అని దగ్గరికి వెళ్లి చూశాను. కుడిచెయ్యి కర్రని నలిపేస్తోంది. పైన ఉన్న ఎడంచెయ్యి, చచ్చిన బల్లి తోకని పట్టుకున్నట్టు, రెండే రెండు వేళ్లతో అంటీ అంటనట్టు ఉంది.

"నహీ హోతా మేడమ్," అంది గొణుగుతూ.

"నహీ హోతా ఏటి? ఎందుకు చేతకాదు? చేతిలో ఎముకల్లేవా?"

ఆట అయిపోయాక కుళాయి దగ్గర చూశాను. కుడిచేతి నిండా ఎర్రమట్టి. దాన్ని పట్టించుకోకుండా సబ్బు పెట్టి ఎడంచెయ్యి ఒక్కటే రుద్దుతోంది. ఒకసారి కడిగింది. వాసన చూసుకుంది. మళ్లీ కడిగింది.

"ఆ చేతికి ఏం అంటుకుందే?"

"ఏమీ లేదు మేడమ్. అది... ఆ పనికి వాడే చెయ్యి కదా. గందా హాథ్, మురికి చెయ్యి." తల ఎత్తలేదు. "అందరి ముందూ పైన పెట్టి పట్టుకుంటే సిగ్గేస్తుంది."

అప్పుడు మెల్లిగా ఒక్కో ముక్కే బయటికొచ్చింది. ఇంద్రజ పుర్రచేతి వాటంతోనే పుట్టింది. గిన్నె ఆ చేత్తో అందుకునేది, పలక మీద ఆ చేత్తో రాసేది. మామ్మ పార్వతమ్మ గారికి అది చూస్తే వాంతి వచ్చేదట. మొదట చేతి మీద కొట్టింది. తర్వాత వేళ్లకి పచ్చిమిరపకాయ రాసింది. ఆ తర్వాత పాత చీర చింపి ఆ చేతిని నడుముకి కట్టేసి అన్నం తినిపించింది. బడిలో వేసేదాకా అలాగే కట్టింది. చివరికి కుడిచెయ్యి అలవాటైపోయింది. ఇంటిల్లిపాదీ అమ్మయ్య అనుకున్నారు.

ఛీ! చదువుకున్న కొంప! పరబ్రహ్మం గారి ముందుగదిలో గాజు బీరువానిండా ఇంగ్లీషు పుస్తకాలు. ఆ బీరువా ముందే పసిపిల్లని కట్టేశారన్నమాట. అంతకన్నా అసహ్యం ఏమిటంటే, ఇప్పుడు ఆ చేతిని కట్టడానికి ఎవరూ అక్కర్లేదు. ఆ పిల్లకే తన చెయ్యంటే రోత.

చెప్పాపెట్టకుండా చేతిలోని బంతిని ఆమె మొహం మీదికి విసిరాను. టక్కున పట్టేసింది. ఏ చేత్తో? ఇంకే చేత్తో! పట్టిందని తెలిసిన మరుక్షణం బంతినీ చేతినీ వీపు వెనక దాచేసింది.

"దాచకు," అన్నాను. "ఈ మైదానంలో ఎవరి చేతికైనా పెద్దరికం ఉందంటే అది ఎడంచేతికే. తతిమ్మా పిల్లలు ఆ చేతిని లొంగదీసుకోడానికి నెలలు పడతారు. నీకు పుట్టుకతో వచ్చింది. దాన్ని సబ్బు పెట్టి అరగదీస్తున్నావు."

మాటలతో అయ్యేది కాదని నాకు తెలుసు. నా సంచిలో వేయించిన వేరుసెనగకాయల పొట్లం ఉంది. ఆమె ఎడం అరచేతిలో గుప్పెడు పోశాను. "వొలిచి నాకు పెట్టు. ఆ చేత్తోనే."

"వద్దు మేడమ్, ప్లీజ్!"

"పెట్టమన్నానా?"

వొలిచి నా నోటి దగ్గర పెట్టింది. నేనూ శ్రీకాకుళంలో ఇలాంటి ఇంట్లోనే పెరిగిన మనిషిని. ఆ ఎడంచెయ్యి పెదవుల దాకా వచ్చేసరికి నా మొహం కూడా దానంతటదే వెనక్కి జరిగింది. నా మీద నాకే అసహ్యం వేసింది. కళ్లు మూసుకోకుండా తిన్నాను. ఇంకోటి పెట్టమన్నాను. పొట్లం ఖాళీ అయ్యేదాకా తిన్నాను. చివర్లో ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

ఆ మర్నాటినుంచి చూడాలి! కుడిచెయ్యి వదులైంది. ఎడమ మణికట్టు తిరిగితే తలుపు గడియ తీసినట్టుండేది, అంత సునాయాసం. తోస్తుంది, తిప్పుతుంది, లాగుతుంది. బంతి కర్రకి అంటుకుపోయినట్టు అటూ ఇటూ. మొదట బంతినే చూస్తూ నడిచేది. తర్వాత తల ఎత్తి పరిగెత్తింది. ఎదురొచ్చే బ్యాక్‌ని ఎలా తప్పించాలో నేర్పాను. బంతిని ఎడమకి తోస్తున్నట్టు ఆశపెట్టు. ఎదురుగా ఉన్న పిల్లకి అది కుడివైపు కాబట్టి కర్రేసుకుని అటే దూకుతుంది. దూకగానే రివర్స్‌తో నీ కుడికి లాగేసి పో. ఆమెకి అది చేతకాని వైపు. ఇంద్రజ చేతిలో పెద్ద పిల్లలు కూడా మొరంలో బోర్లా పడ్డారు.

"జిల్లా టీమ్‌లోకి వస్తానా మేడమ్?" అని రోజూ అడిగేది. వేరే ధ్యాసే లేదు. ఎందుకంత పట్టుదల అంటే, "ఇక్కడొక్కచోటే నా చెయ్యి నాదిలా ఉంటుంది," అంది.

మూసిపెట్టిన చెయ్యి తెరుచుకుంటే మైదానంలోనే ఎందుకుంటుంది? ఓ శనివారం పార్వతమ్మ గారు పూజ ముగించి తీర్థం ఇస్తుంటే ఈ పిల్ల ఏమరుపాటున ఎడంచెయ్యి చాపిందట. కొంపలో భూకంపం. ఆ సాయంత్రమే పరబ్రహ్మం గారి చేతక్ స్కూటరు మైదానం గట్టుమీద ఆగింది. వెనకసీటు మీదినుంచి పార్వతమ్మ గారు దిగింది. మొరం అంటకుండా చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మనవరాలు కర్ర పట్టుకున్న తీరు ఓ నిమిషం చూసింది. మొహం ముడుచుకుపోయింది.

"ఏటమ్మా టీచరమ్మా, ఆడపిల్లకి నేర్పే ఇద్దె ఇదా? పుర్రచెయ్యి పైనెట్టి, అన్నం తినే చెయ్యి కిందెడతావా? నానెంత కష్టపడి మాన్పించాను! ఒవురైనా చూస్తే ఏటనుకుంటారు?"

"హాకీ ఆడుతోందనుకుంటారు," అన్నాను.

"కుడిసెయ్యి పైనెట్టి ఆడమను. ఆడితే ఆడుద్ది."

"పైన కుడిచెయ్యి పెట్టే కర్ర లోకంలో లేదండీ. అన్ని కర్రలకీ చదును ఎడమవైపే. అందరూ, పుర్రచేతివాళ్లయినా కాకపోయినా, ఎడమ పైనే పెట్టాలి. ఆటకి అదే రూలు."

పరబ్రహ్మం గారు గొంతు సవరించుకున్నారు. ఆయన మాట్లాడితే మీటింగులో మాట్లాడినట్టే ఉంటుంది. "చూడండి మేడమ్, సెంటిమెంట్ అలా ఉంచండి. మెయిన్ పనులన్నీ కుడిచేత్తో చెయ్యడం సైంటిఫిక్ కూడానూ. కంట్రోల్ అంతా ఎడంచేతికి ఇవ్వడం ఇంజనీరింగ్ పరంగా..."

నాకు తిక్క రేగింది. "మీ చేతక్‌కి గేరు ఏ చేత్తో మారుస్తారండీ?"

ఆయన ఎడంచెయ్యి జేబులోకి పోయింది.

"అమ్మగారిని వెనకాల కూర్చోబెట్టుకుని ఎడంచెయ్యి తిప్పుతూనే కదా ఇక్కడిదాకా వచ్చారు? దిగాక ఆవిడ స్నానం చెయ్యాలంటారా?"

గట్టుమీద కూర్చున్న పిల్లలు కిసుక్కుమన్నారు. పరబ్రహ్మం గారి చెవులు ఎర్రబడ్డాయి. తల్లి కొడుకు మొహం చూసింది, కొడుకు స్కూటరు హ్యాండిల్ చూశారు. చివరికి ఆయన, "సరే. సెలెక్షన్ దాకా ఆడనిస్తాను. టీమ్‌లో పేరు రాకపోతే ఆ రోజుతో హాకీ బంద్. మళ్లీ ఆ చెయ్యి ముందుకొస్తే ఊరుకునేది లేదు," అన్నారు. ఇంద్రజ అన్నీ వింది. ఆ మాట వినగానే ఆమె ఎడంచేతి పిడికిలి బిగుసుకుంది.

సెలెక్షన్ రోజు పొద్దున్నే రిసాలి మైదానంలో ఆ కుటుంబమంతా దిగింది. పార్వతమ్మ గారి ఒళ్లో స్టీలు డబ్బా. పరబ్రహ్మం గారి చేతిలో కొత్త కర్ర. తళతళలాడే వార్నిషు. ఆయన మొహంలో కూడా అదే వార్నిషు.

"నేనే డ్రాయింగ్ గీశాను మేడమ్. స్కేలుకి గీసి కోహ్కాలో వడ్రంగి చేత చేయించాను. మామూలు కర్రకి అద్దంలో ప్రతిబింబం అన్నమాట! చదును ఇటు, గుండ్రం అటు. ఇప్పుడు కుడిచెయ్యి హాయిగా పైన పెట్టుకోవచ్చు."

ఇంత తెలివి, ఇంత ఖర్చు, ఇంత శ్రమ! కూతురి ఎడంచేతిని ఒక్క పూట చూడకుండా ఉండడం కోసం. ఇంద్రజ పాత కర్ర ఏదని అడిగితే "ఇంట్లోనే ఉండిపోయింది" అన్నారు. ఉండిపోలేదు, ఉంచేశారు. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది.

సెలెక్టరు పార్థసారథి గారు ఒకప్పటి మంచి ఆటగాడు, మాట తక్కువ మనిషి. ఆటకి ముందు కర్రలన్నీ తిప్పి చూస్తూ వచ్చి, ఆ వార్నిషు కర్ర దగ్గర ఆగారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఏమిటిది?"

"కుడిచెయ్యి పైన పెట్టేందుకు స్పెషల్‌గా..." అని మొదలుపెట్టారు పరబ్రహ్మం గారు.

"చదును ఎడమవైపే ఉండాలి. ఇది ఆటలో చెల్లదు. బట్టలు ఉతుక్కోడానికి పనికొస్తుంది," అని ఆయన చేతిలోనే తిరిగి పెట్టేశారు.

నా కర్ర తీసి ఇంద్రజకి ఇచ్చాను. నా చెమటకి పట్టు టేపు నల్లబడి కంపు కొడుతోంది. ఆ పిల్ల దాన్ని అందుకుని, నాయనవైపూ మామ్మవైపూ చూసింది. ఎడంచెయ్యి చిట్టచివర పెట్టింది. రెండు వేళ్లతో కాదు, అయిదు వేళ్లతో.

మొదట వరస రాళ్ల మధ్యనుంచి బంతి తీసుకెళ్లడం. అది చులాగ్గా అయింది. తర్వాత చిన్న చిన్న జట్లుగా ఆట. అవతల కుమ్హారి నుంచి వచ్చిన బ్యాక్, భుజాలు వెడల్పు, కర్ర గొడ్డలిలా ఊపుతుంది. మొదటిసారి ఇంద్రజ ఎడమకి ఆశపెట్టి కుడికి లాగి దాటేసింది. రెండోసారీ దాటింది. మూడోసారి ఆ పిల్ల కర్ర వచ్చి ఇంద్రజ కుడిచేతి వేళ్ల మీద పడింది. ఆ చప్పుడు గట్టు దాకా వినిపించింది.

విజిల్ పడింది. పరిగెత్తాను. వేళ్లు అప్పుడే ఉబ్బుతున్నాయి. కదిలించి చూశాను, విరగలేదు, కానీ ముడుచుకోవడం లేదు. నా దగ్గరున్న తువ్వాలు తడిపి గట్టిగా కట్టాను. పార్వతమ్మ గారు గట్టుమీదినుంచి, "అయ్యో, అన్నం తినే చెయ్యే! అన్నం తినే చెయ్యే!" అని ఒకటే గోల. దెబ్బ తగిలిన పిల్ల గురించి కాదు, చెయ్యి గురించి.

"చాలు, బయటికి రా," అన్నాను.

"పేరు ఇంకా చెప్పలేదు మేడమ్."

"వేళ్లు చూసుకో ముందు!"

"బయటికొస్తే రేపటినుంచి నేను ఇంట్లోనే," అంది. కుడిచెయ్యి గుండెకి ఆనించుకుని, ఒక్క ఎడంచేత్తోనే కర్ర పట్టుకుని నడిచి వెళ్లిపోయింది. నేను అరుస్తూనే ఉన్నాను. నా మాట ఎవరు విన్నారు గనక!

ఒంటిచేత్తో బలంగా కొట్టలేరు. అది ఎవరికైనా తెలుసు. బంతి ఎడమ గీత వెంట ఆమెకి వచ్చింది. కర్ర ముక్కు కిందికి దింపి, రివర్స్‌లో, బంతిని తన ఎడమవైపు చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకుని పరుగు తీసింది. కుమ్హారి బ్యాక్ కుడిపక్కన వెంటపడింది. బంతికీ ఆమె కర్రకీ మధ్య ఇంద్రజ ఒళ్లు అడ్డం. ఎంత చాచినా కర్ర అందదు. గోలు దగ్గర పడుతుండగా ఇంద్రజ హఠాత్తుగా ఆగింది. బంతీ ఆగింది. ఊపుమీదున్న బ్యాక్ ముందుకి కొట్టుకుపోయింది. అప్పుడు ఆ ఎడమ మణికట్టు, ఏళ్ల తరబడి చీరపీలికతో నడుముకి కట్టించుకున్న ఆ మణికట్టు, రివర్స్ ముఖంతో బంతిని నెమ్మదిగా కుడివైపుకి నెట్టింది. గోలుముందు నిలబడ్డ ఇంద్రజ జట్టు పిల్ల తాకిస్తే చాలు. తాకించింది. గోల్.

నేను ఏం అరిచానో నాకే గుర్తులేదు. గొంతు మాత్రం రెండ్రోజులు రాలేదు.

పార్థసారథి గారు పేర్లు చదివారు. "లెఫ్ట్ వింగ్, ఇంద్రజ," అని, కాగితం మడుస్తూ, "ఆ ఎడంచెయ్యి జాగ్రత్త అమ్మా. అలాంటిది నేర్పితే రాదు," అన్నారు.

ఇక చూడండి మా పరబ్రహ్మం గారిని! పక్కనున్న ఆఫీసరుతో, "మా అమ్మాయి బార్న్ లెఫ్ట్ హ్యాండర్ అండీ. మేం చిన్నప్పటినుంచీ గమనిస్తూనే ఉన్నాం," అంటున్నారు. గమనించారట! వార్నిషు కర్ర అప్పటికే స్కూటరు వెనకాల దాక్కుంది. థూ, అని ఉమ్మేద్దామనుకుని, ఎంతైనా ఆడే మైదానం కాబట్టి ఊరుకున్నాను.

పార్వతమ్మ గారు స్టీలు డబ్బా మూత తీసింది. సున్నుండలు. నెయ్యి వాసన గుప్పున కొట్టింది. "నా తల్లి గెలిసింది. రా, తిను," అంటూ ఒకటి తీసింది. ఇంద్రజ కుడిచేతికి తడి తువ్వాలు. ఈసారి గుడ్డ కట్టింది ఆ చేతికి.

ఇంద్రజ ఎడంచెయ్యి చాపింది.

మొరం, చెమట, నా కర్ర టేపు నలుపు, అన్నీ ఉన్నాయి ఆ అరచేతిలో. ముసలావిడ మొహం వికారంగా మారిపోయింది. సున్నుండ వెనక్కి లాక్కుంది. తర్వాత నవ్వు తెచ్చుకుని, "నోరు తెరు అమ్మా, నాను తినిపిత్తాను," అంది.

ఇంద్రజ నోరు తెరవలేదు. చెయ్యి దించలేదు.

"ఏటే ఇది, అందరూ చూత్తన్నారు! తెరు."

"చెయ్యి ఉంది కదా మామ్మా. ఎట్టు."

పరబ్రహ్మం గారు ఇప్పుడే గొప్పలు చెప్పుకున్న ఆఫీసరు కూడా చూస్తున్నాడు. పరబ్రహ్మం గారు నేలచూపులు చూస్తూ, "పెట్టమ్మా," అన్నారు మెల్లిగా. పార్వతమ్మ గారు సున్నుండని ఆ అరచేతికి తన వేలు తగలకుండా, పైనుంచి జారవిడిచింది. సగం చిట్లి పొడి అయింది.

పిల్ల దాన్ని నోట్లో వేసుకుంది. తాపీగా నమిలింది. తర్వాత మామ్మ కళ్లలోకి చూస్తూ, నెయ్యీ మట్టీ అంటిన ఎడంచేతి వేళ్లు ఒక్కొక్కటే నాకింది. బొటనవేలు చివరిది. దాన్ని ఇంకాస్త ఎక్కువసేపు నాకింది.

పార్వతమ్మ గారు "ఛీ" అని మొహం తిప్పేసుకుంది.

"ఇంకోటి ఎట్టు మామ్మా," అంది ఇంద్రజ, అదే చెయ్యి చాపి.